అక్షరం ఒకటే, బైట్లు పద్దెనిమిది

క్యూఆర్ కోడ్‌లో తెలుగు రాయాలని ప్రయత్నించిన వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంగ్లీషులో రాస్తే చిన్న గళ్ల చదరంలో సరిపోయిన కబురు, తెలుగులో రాసేసరికి ఎందుకు పట్టడం లేదు? లెక్కపెడితే తెలుగులోనే అక్షరాలు తక్కువ కదా!" ప్రశ్న న్యాయమైనదే. 'స్త్రీ' అన్న ఒకే ఒక్క అక్షరాన్ని తీసుకోండి. క్యూఆర్ కోడ్‌లలో అన్నిటికన్నా చిన్నదానిలో, అంటే పక్కకు 21, కిందికి 21 గడులున్న చదరంలో, ఆ ఒక్క అక్షరం పట్టదు. అదే చదరంలో ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలైతే పదిహేడు పడతాయి.

ఇందులో తెలుగుకు ఏదో లోపం ఉందని కాదు, క్యూఆర్‌కు తెలుగు రాదనీ కాదు. మనం లెక్కపెడుతున్నది ఒకటి, యంత్రం కొలుస్తున్నది మరొకటి. ఈ అధ్యాయంలో ఒక చిన్న తెలుగు కబురును తీసుకుని, యంత్రం దాన్ని ఎలా కొలుస్తుందో, అది ఫలానా చీటీ మీద పడుతుందో లేదో ముందే ఎలా తేల్చుకోవాలో మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

కబురు ఎక్కడిదంటే, అమ్రోలిది. సూరత్ నగరంలో తాపీ నదికి ఉత్తరాన ఉన్న ప్రాంతం అది. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేతపనివారి కుటుంబాలు సూరత్‌లో చాలాకాలంగా ఉంటున్నాయి. అక్కడి నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. అక్కడి నుంచి కరీంనగర్‌లోని ఒక బట్టల దుకాణానికి చీరల కట్ట వెళుతోందనుకుందాం. కట్ట మీద అంటించే చీటీలో ఒక క్యూఆర్ కోడ్, అందులో తెలుగులో నాలుగు మాటలు. దుకాణంలో ఎవరు ఫోన్ చూపినా, ఇంటర్నెట్ లేకపోయినా, ఆ మాటలు తెర మీదికి రావాలి. మన కబురు ఇది:

"అమ్రోలి నుంచి 12 చీరలు పంపాము. తడవకుండా చూడండి. సరుకు అందగానే ఫోన్ చేయండి."

యంత్రం కొలిచేది ఏమిటి?

ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కట్ట దించితే, గుమాస్తా అందులో ఎన్ని చీరలున్నాయని లెక్కపెట్టడు. కట్టను కాటా మీద పెట్టి బరువు చూస్తాడు. పన్నెండు నైలాన్ చీరలూ, పన్నెండు పట్టుచీరలూ లెక్కకు ఒకటే, కాటా మీద ఒకటి కాదు. క్యూఆర్ కోడ్ కూడా అంతే. అక్షరాల సంఖ్య దానికి పట్టదు, వాటి బరువే కావాలి. ఆ బరువును కొలిచే ప్రమాణమే బైట్. ఒక బైట్ అంటే ఎనిమిది సున్నా-ఒకట్ల వరస. వాటిలో ఒక్కొక్కదాన్ని బిట్ అంటారు. చదరంలో ఒక నల్లగడి లేదా తెల్లగడి ఒక బిట్.

ఇక అక్షరానికి ఎంత బరువు? ప్రపంచ భాషల లిపులన్నిటికీ యూనికోడ్ అనే ఉమ్మడి పట్టిక ఉంది. అందులో ప్రతి గుర్తుకూ ఒక వరస సంఖ్య ఉంటుంది. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. తెలుగు గుర్తుల సంఖ్యలు 3072 దగ్గర మొదలవుతాయి. 'అ' సంఖ్య 3077. ఈ సంఖ్యలను బైట్లుగా మార్చే పద్ధతే యూటీఎఫ్-8. దీన్ని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. నియమం సులువైనది. సంఖ్య 127 వరకు ఉంటే ఒక బైట్. 2047 వరకు రెండు బైట్లు. అక్కడి నుంచి 65,535 వరకు మూడు బైట్లు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, ఖాళీ, చుక్క అన్నీ 127 లోపే ఉన్నాయి కాబట్టి వాటికి ఒక్కొక్క బైట్ చాలు. తెలుగు గుర్తులన్నీ 2047 దాటాకే ఉన్నాయి కాబట్టి ఒక్కొక్కదానికి మూడు బైట్లు.

ఇక్కడ 'గుర్తు' అంటున్నాను గానీ 'అక్షరం' అనడం లేదని గమనించండి. కంటికి ఒక్క అక్షరంగా కనిపించేది లోపల చాలా గుర్తుల కూర్పు కావచ్చు. 'క' ఒక గుర్తు, మూడు బైట్లు. 'కా' రెండు గుర్తులు, క ఒకటి, దీర్ఘం ఒకటి, కనుక ఆరు. 'కం' కూడా ఆరే, సున్నా విడిగా ఒక గుర్తు. తలకట్టుకు మాత్రం విడిగా ఖర్చు లేదు, అది హల్లులోనే కలిసి ఉంటుంది. ఒత్తు దగ్గరికి వచ్చేసరికి బరువు పెరుగుతుంది. 'క్క' రాయాలంటే మొదటి క, పొల్లు, రెండో క అని మూడు గుర్తులు కావాలి. కాగితం మీద పొల్లు కనిపించదు, కానీ లోపల ఉంటుంది. అంటే ఒక ఒత్తు అదనంగా ఆరు బైట్లు తింటుంది. 'స్త్రీ'లో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం, మొత్తం ఆరు గుర్తులు. ఆరు మూళ్లు పద్దెనిమిది. అన్నిటికన్నా చిన్న క్యూఆర్ కోడ్‌లో పట్టేది పదిహేడు. ఒక్క బైట్ తేడాతో ఆ అక్షరం బయట ఉండిపోయింది.

'అమ్రోలి'ని ఇలాగే విప్పి చూద్దాం. కంటికి మూడే అక్షరాలు. లోపల అ, మ, పొల్లు, ర, ఓకారం, ల, ఇకారం అని ఏడు గుర్తులు. బైట్లుగా రాస్తే ఇలా ఉంటుంది:

```
అ  E0 B0 85
మ  E0 B0 AE
్   E0 B1 8D
ర  E0 B0 B0
ో   E0 B1 8B
ల  E0 B0 B2
ి   E0 B0 BF
```

మొత్తం 21 బైట్లు. ప్రతి వరసా E0తోనే మొదలవుతోంది చూడండి. "ఇక్కడి నుంచి మూడు బైట్లు కలిపి ఒక గుర్తు" అని చదివే యంత్రానికి చెప్పేది ఆ మొదటి బైటే. అదే ఊరి పేరు ఇంగ్లీషులో రాస్తే ఆరు బైట్లతో అయిపోతుంది.

చదరంలో ఎంత పడుతుంది?

కబురు బరువు ఒక వైపు. రెండో వైపు, చదరం మోయగలిగే బరువు. దీన్ని మూడు విషయాలు నిర్ణయిస్తాయి.

మొదటిది చదరం పరిమాణం. జపాన్‌లోని డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం 1994లో క్యూఆర్ కోడ్‌ను రూపొందించింది, కార్ల విడిభాగాలను గుర్తుపట్టడం కోసం. నలభై పరిమాణాలు ఏర్పాటయ్యాయి. వీటిని వెర్షన్లంటారు. మొదటిది పక్కకు 21 గడులు, ఆ తర్వాత ఒక్కో మెట్టుకూ నాలుగు గడులు పెరుగుతూ నలభయ్యోది 177 గడులకు చేరుతుంది. పుట్టింది జపాన్‌లో కాబట్టి జపనీయుల కాంజీ లిపిని కుదించి పెట్టే ప్రత్యేక పద్ధతి అందులో మొదటి నుంచీ ఉంది. అందులో ఒక్కో కాంజీ అక్షరానికి 13 బిట్లే పడతాయి. తెలుగుకు అలాంటి పద్ధతి లేదు. మన గుర్తు 24 బిట్ల పూర్తి బరువుతోనే వెళ్లాలి.

రెండోది దోష సవరణ. కట్ట నలిగినా, చీటీ మీద మరక పడినా కోడ్ చదవగలిగేలా చదరంలో కొంత భాగాన్ని అదనపు సమాచారానికి కేటాయిస్తారు. ఎల్, ఎమ్, క్యూ, హెచ్ అని నాలుగు స్థాయిలు. ఎల్‌లో సుమారు 7 శాతం చెడినా తిరిగి రాబట్టవచ్చు, ఎమ్‌లో 15, క్యూలో 25, హెచ్‌లో 30. రక్షణ పెంచినకొద్దీ కబురుకు మిగిలే చోటు తగ్గుతుంది.

మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. అది చీటీ కొలత. మన చీటీ 30 మిల్లీమీటర్ల చదరం అనుకుందాం. చీటీలు ముద్రించే సాధారణ థర్మల్ ప్రింటరు మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కలు వేస్తుంది. ఒక్కో గడికి నాలుగు చుక్కలిస్తే గడి అర మిల్లీమీటరు అవుతుంది, ఫోన్ కెమెరాకు అది హాయిగా కనబడుతుంది. అంటే 30 మిల్లీమీటర్లలో అరవై గడులు. చుట్టూ నాలుగేసి గడుల తెల్ల అంచు వదలాలన్నది నియమం, కాబట్టి రెండు వైపులా కలిపి ఎనిమిది పోతాయి. మిగిలినవి 52. ఎనిమిదో వెర్షన్‌కు 49 గడులు కావాలి, సరిపోతుంది. తొమ్మిదోదానికి 53 కావాలి, సరిపోదు. కాబట్టి ఈ చీటీ మీద ఎనిమిదో వెర్షనే మన హద్దు.

ఎనిమిదో వెర్షన్‌లో పట్టే బైట్లు ఇవి: ఎల్‌లో 192, ఎమ్‌లో 152, క్యూలో 108, హెచ్‌లో 84. లారీలో నలిగే కట్ట మీద అంటించేది కాబట్టి కనీసం ఎమ్ ఉండాలని కోరుకుందాం. అప్పుడు హద్దు 152.

కబురును కాటా మీద పెట్టడం

ఇప్పుడు మన కబురు బరువు చూద్దాం. చేత్తో లెక్కించవచ్చు. తెలుగు గుర్తులన్నీ పోగుచేస్తే 59 ఉన్నాయి. ఖాళీలు పది, అంకెలు రెండు, చుక్కలు మూడు, కలిపి పదిహేను. 59 మూళ్లు 177, దానికి 15 కలిపితే 192. కంప్యూటరులో పైథాన్ ఉంటే రెండు వరసల్లో తేలిపోతుంది:

```python
message = "అమ్రోలి నుంచి 12 చీరలు పంపాము. తడవకుండా చూడండి. సరుకు అందగానే ఫోన్ చేయండి."
print(len(message), len(message.encode("utf-8")))
```

తెర మీద `74 192` అని వస్తుంది. మొదటిది గుర్తుల సంఖ్య, రెండోది బైట్లు. సమస్యంతా ఈ రెండు సంఖ్యల మధ్యనే ఉంది. తనిఖీ కోసం `len(message)` మాత్రమే రాసుకున్న ప్రోగ్రామరు 74 చూసి, హెచ్ స్థాయిలో కూడా పడుతుందని, ఎందుకంటే 84 కదా అని, నిశ్చింతగా ఉంటాడు. జావాస్క్రిప్ట్‌లో `message.length` కూడా ఇదే 74 చెబుతుంది. అక్కడ అడగాల్సింది `new TextEncoder().encode(message).length`. ఇంగ్లీషు కబురుతో పరీక్షిస్తే రెండు సంఖ్యలూ ఒకటే వస్తాయి కాబట్టి ఈ తప్పు పరీక్షలో బయటపడదు. తెలుగు కబురు వచ్చిన రోజునే బయటపడుతుంది.

ప్రోగ్రాము రాయడం తెలియకపోయినా ఫరవాలేదు. కబురును నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా భద్రపరచి, ఆ ఫైలు ప్రాపర్టీస్ తెరిచి చూడండి. `Size` అన్నచోట 192 bytes అని కనిపిస్తుంది. దాని కిందే ఉండే `Size on disk` వేరే లెక్క, దాన్ని పట్టించుకోకూడదు. కబురు చివర ఎంటర్ నొక్కితే విండోస్‌లో రెండు బైట్లు కలుస్తాయి. భద్రపరిచేటప్పుడు `UTF-8 with BOM` ఎంచుకుంటే ముందు మరో మూడు చేరతాయి. ఇవి కంటికి కనిపించవు, కాటాకు మాత్రం తెలుస్తాయి.

సరే, 192 వచ్చింది. ఎమ్ స్థాయి హద్దు 152 కాబట్టి అక్కడ పట్టదు. ఎల్ స్థాయి హద్దు సరిగ్గా 192. పట్టినట్టేనా? ఇక్కడ ఇంకొక్క మెలిక ఉంది.

క్యూఆర్ కోడ్ ప్రమాణంలో బైట్లను మామూలుగా పశ్చిమ ఐరోపా అక్షరాల పట్టిక ప్రకారం చదవాలని ఉంది. ఈ బైట్లు యూటీఎఫ్-8 అని చెప్పాలంటే కబురుకు ముందు ఒక సూచిక పెట్టాలి. దాన్ని ఈసీఐ అంటారు, యూటీఎఫ్-8కు అందులో సంఖ్య 26. ఈ సూచికకు 12 బిట్లు కావాలి. ఎనిమిదో వెర్షన్ ఎల్ స్థాయిలో సమాచారానికి దొరికేవి 1552 బిట్లు. ఇది బైట్ల కబురు అని చెప్పడానికి నాలుగు, ఎన్ని బైట్లో చెప్పడానికి ఎనిమిది పోతే 1540 మిగులుతాయి. అందులో 192 బైట్లు పోను నాలుగు బిట్లు మిగులు. ఈసీఐకి ఆ నాలుగూ చాలవు, ఇంకో ఎనిమిది కావాలి, అంటే ఒక బైట్. కాబట్టి సూచిక పెడితే హద్దు 191. మన కబురు ఒక్క బైట్ తేడాతో పట్టదు.

సూచిక పెట్టకపోతే? ఇవాళ్టి ఫోన్లలో చాలావరకు బైట్ల తీరు చూసి యూటీఎఫ్-8 అని ఊహించుకుంటాయి, సరిగ్గానే చూపిస్తాయి. అన్నీ అలా చేస్తాయన్న హామీ లేదు. ఊహ తప్పిన చోట 'అ' బదులు `à°…` అని వస్తుంది. E0, B0, 85 అన్న మూడు బైట్లను మూడు వేర్వేరు ఐరోపా అక్షరాలుగా చదివితే వచ్చే రూపం అది. తెలుగు బదులు తెర నిండా `à°` గుర్తులు కనిపిస్తే కబురు పొడవు సమస్య కాదు, చదివే పట్టిక తప్పిందని అర్థం. ఈసీఐ కోసం ఒక బైట్ ముందే పక్కన పెట్టి, ఎమ్ స్థాయి హద్దును 151గా తీసుకోవడం మంచిది.

పట్టనప్పుడు ఏం జరుగుతుంది?

కోడ్ తయారుచేసే పనిముట్లు ఇలాంటప్పుడు మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. మొదటి రకం, పట్టదని తప్పు చూపించి ఆగిపోతుంది. ఇదే మంచిది.

రెండో రకం, అడగకుండానే పెద్ద వెర్షన్‌కు వెళుతుంది. ఎమ్ స్థాయిలో మన 192 బైట్లకు పదో వెర్షన్ కావాలి, అక్కడ 213 పడతాయి. తొమ్మిదోదానిలో 180 మాత్రమే. పదో వెర్షన్ పక్కకు 57 గడులు, అంచులతో 65. దాన్ని మళ్లీ 30 మిల్లీమీటర్ల చీటీలోకి కుదిస్తే గడికి నాలుగు చుక్కలు రావు, మూడూ ముప్పాతిక కన్నా తక్కువ వస్తాయి. ప్రింటరు ముక్కచుక్క వేయలేదు కాబట్టి కొన్ని గడులు నాలుగు చుక్కలు, కొన్ని మూడు చుక్కలుగా ఎగుడుదిగుడుగా పడతాయి. కంప్యూటరు తెర మీద చక్కగా చదివిన కోడ్ చీటీ మీద చదవదు. గడికి కచ్చితంగా మూడు చుక్కలిస్తే ముద్ర సమంగా వస్తుంది, కోడ్ 24 మిల్లీమీటర్ల పైచిలుకుకు కుదురుతుంది, కానీ గడి చిన్నదై కెమెరాను దగ్గరగా పెట్టాలి, ముద్ర కాస్త అలుకుకున్నా చెడుతుంది. నాలుగు చుక్కలే కావాలంటే 32.5 మిల్లీమీటర్ల చీటీ తెచ్చుకోవాలి.

మూడో రకం అన్నిటికన్నా ప్రమాదం. హద్దు దగ్గర కబురును కోసేస్తుంది. 152 బైట్ల దగ్గర మన కబురు ఎక్కడ తెగుతుందో చూడండి. 'సరుకు' దాకా క్షేమంగా వస్తుంది. 'అందగానే'లో గ తర్వాతి దీర్ఘానికి మూడు బైట్లుంటే రెండే లోపలికి వచ్చాయి. చదివే యంత్రానికి ఆ రెండు బైట్లతో ఏ గుర్తూ కుదరదు. అందుకే "సరుకు అందగ�" అని చూపించి ఆగుతుంది. ఆ నల్లని పలక గుర్తు కబురు చివర కనిపిస్తే, మధ్యలో కోశారని తెలుసుకోవాలి. ఒకవేళ కోత సరిగ్గా గుర్తుల మధ్య పడితే ఆ ఆనవాలు కూడా ఉండదు. ఫోన్ చేయమన్న మాటే పోయిందని దుకాణంలో ఎవరికీ తెలియదు. కాబట్టి ముద్రించాక స్కాన్ చేసి, చివరి మాట వచ్చిందో లేదో తప్పక చూసుకోవాలి.

కబురును తగ్గించడం

చీటీ మార్చడం కుదరదు, రక్షణ తగ్గించడం ఇష్టం లేదు. ఇక మార్చగలిగేది కబురే. 'పంపాము' తీసేసినా అర్థం పోదు. ముందున్న ఖాళీతో కలిపి 19 బైట్లు మిగులుతాయి. 'సరుకు' తీస్తే ఇంకో 16. 'తడవకుండా చూడండి' 43 బైట్లు. దాన్ని 'తడవనివ్వకండి' చేస్తే ఒత్తు ఉన్నా 36. ఇప్పుడు కబురు ఇదీ:

"అమ్రోలి నుంచి 12 చీరలు. తడవనివ్వకండి. అందగానే ఫోన్ చేయండి."

తెలుగు గుర్తులు 46, మిగతావి 12. మొత్తం 150 బైట్లు. ఈసీఐతో హద్దు 151. పట్టింది, ఒక్క బైట్ మిగిలింది. పంపినవారి ఫోన్ నంబరు చీటీ మీదే అంకెల్లో అచ్చవుతుంది కాబట్టి దాన్ని కోడ్‌లో మళ్లీ పెట్టనవసరం లేదు.

ఇంత అంచుకు వచ్చినప్పుడు చిన్న మార్పు కూడా కట్ట దించేస్తుంది. 12ను తెలుగు అంకెల్లో ౧౨ అని రాస్తే రెండు బైట్లు ఆరవుతాయి, మొత్తం 154. తెలుగు టైపు చేసే కొన్ని పనిముట్లు 'ఫోన్' లాంటి పొల్లు మాటల చివర కనిపించని ఒక గుర్తును చేరుస్తాయి. తర్వాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపేది అది. 'సూరత్‌లో' అని విడిగా కనిపించడానికి అది అవసరమే, కానీ 'ఫోన్' తర్వాత ఖాళీ ఉన్నప్పుడు దానితో పనిలేదు. అది కూడా మూడు బైట్లు. వంకర కొటేషన్ గుర్తులు, రూపాయి గుర్తు మూడేసి. బొమ్మ గుర్తులు చాలావరకు నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ. 'ఐ'కారాన్ని కొన్ని పాత వ్యవస్థలు రెండు గుర్తులుగా విడదీసి పెడతాయి, అప్పుడు మూడు బైట్లు ఆరవుతాయి, కంటికి తేడా ఏమీ కనబడదు. అందుకే మొదట రాసిన ప్రతిని కొలిచి ఊరుకోకూడదు. కోడ్‌లోకి నిజంగా వెళ్లబోతున్న చివరి ప్రతినే కొలవాలి.

కబురు ఇంకా పెద్దదైతే? ఎంత పెద్ద క్యూఆర్ కోడ్ అయినా, నలభయ్యో వెర్షన్ ఎల్ స్థాయిలో కూడా, పట్టేది 2953 బైట్లే. తెలుగు గుర్తుల్లో అది 984. ఎమ్ స్థాయిలో 777. అర మిల్లీమీటరు గడులతో దాన్ని ముద్రించాలంటే 92.5 మిల్లీమీటర్ల చదరం కావాలి, కట్ట మీది చీటీకి అది అయ్యే పని కాదు. అప్పుడు కబురు బదులు వెబ్ చిరునామా పెడతారు. అలా పెట్టేటప్పుడు ఆ చిరునామాలో తెలుగు లేకుండా చూసుకోవాలి. చిరునామాలోకి వెళ్లిన ప్రతి తెలుగు బైటూ `%E0` లాగా మూడు అక్షరాలుగా మారిపోతుంది. ఒక్క 'అమ్రోలి' 63 అక్షరాలవుతుంది. చిరునామా ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా ఉండి, తెలుగు కబురు అది తెరిచే పేజీలో ఉంటే, ఎనిమిదో వెర్షన్‌కు కూడా వెళ్లాల్సిన అవసరం లేకుండా చిన్న చదరమే సరిపోతుంది. కానీ చదివేవాళ్ల ఫోన్‌లో ఇంటర్నెట్ ఉండాలి. గోదాములో సిగ్నలు అందని చోట కట్ట దించేవాళ్లకు చెప్పాల్సిన మాటైతే, 150 బైట్లలో కుదించి కోడ్‌లోనే పెట్టడం మేలు.